గీతల లెక్క నుంచి వక్రరేఖ వరకు: కటకాల నాణ్యతను కొలిచే పద్ధతిలో వచ్చిన మార్పు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక కటకం ఎంత సన్నని గీతలను విడివిడిగా చూపగలదు అన్న ప్రశ్నతోనే 20వ శతాబ్దం మధ్యకాలం వరకు కటకాల నాణ్యతను నిర్ణయించేవారు. ఆ ప్రశ్నకు జవాబుగా ఒకే ఒక సంఖ్య వచ్చేది. 1940ల చివర టెలివిజన్ ఇంజినీర్లు, దృశాశాస్త్రజ్ఞులు ఆ ప్రశ్ననే మార్చారు. ప్రతి సన్నదనం వద్ద వెలుగునీడల భేదంలో ఎంత భాగం బింబంలోకి చేరుతున్నదని అడిగారు. ఈ ప్రశ్నకు జవాబు సంఖ్య కాదు, వక్రరేఖ. దానినే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, క్లుప్తంగా ఎం.టి.ఎఫ్. అంటున్నారు. ఈ మార్పు ఎందుకు అవసరమైంది, ఎవరి ద్వారా వచ్చింది, దాని పరిమితులేమిటి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కటకం, పృథక్కరణ సామర్థ్యం, కాంట్రాస్ట్, ఎం.టి.ఎఫ్., ఓటో షాడే, డుఫియో.

1. ఉపోద్ఘాతం:

పాత తెలుగు పత్రికల డిజిటల్ ప్రతులతో పనిచేసే పరిశోధకులకు ఒక అనుభవం తరచుగా ఎదురవుతుంది. ప్రతి వివరాలలో అంగుళానికి 300 చుక్కలు అని ఉంటుంది. తెరపై పుట మొత్తం బాగానే కనబడుతుంది. కాని ‘ద’కు ‘ధ’కు, ‘ప’కు ‘ఫ’కు భేదం చూపే కింది చిన్న గీత ఉన్నదో లేదో తేల్చుకోవలసి వచ్చినప్పుడు అక్కడ బూడిదరంగు మరక తప్ప ఏమీ ఉండదు. నా పరిశోధన కాలంలో ఒక మాసపత్రిక ప్రతిలో ఇటువంటి పాఠసందేహాలు చాలా వచ్చాయి. ప్రతి తయారుచేసినవారిని అడిగితే 300 చుక్కలు ఈ అచ్చుకు సరిపోతాయని సమాధానం వచ్చింది. లెక్క వేసి చూస్తే ఆ మాటలో తప్పు లేదు. అంగుళానికి 300 చుక్కలంటే మిల్లీమీటరుకు దాదాపు 12. ఒక నల్లగీతకు, దాని పక్కనున్న తెల్లజాగాకు కలిపి కనీసం రెండు చుక్కలు కావాలి కనుక మిల్లీమీటరుకు దాదాపు 6 గీతల జంటలు పట్టాలి. అక్షరం కింది గీత మందం 0.15 మిల్లీమీటర్లు, పక్క ఖాళీ కూడా అంతే అనుకుంటే కావలసింది 3.3 జంటలు మాత్రమే.

లెక్క ప్రకారం కనబడవలసిన గీత ఎందుకు కనబడలేదు? ఈ ప్రశ్న తెలుగు పత్రికలతో పుట్టినది కాదు. ఛాయాగ్రహణంలో, చలనచిత్రాలలో, టెలివిజన్‌లో పనిచేసినవారు ఇదే చిక్కును ఎదుర్కొన్నారు. వారు దానిని ఎలా విప్పారన్నదే ఎం.టి.ఎఫ్. చరిత్ర.

2. గీతలు లెక్కపెట్టిన కాలం:

కటకం సామర్థ్యాన్ని ఒక హద్దుగా చెప్పే అలవాటు ఖగోళశాస్త్రం నుంచి వచ్చింది. జంటనక్షత్రాలను పరిశీలించిన ఆంగ్ల ఖగోళజ్ఞుడు విలియం రటర్ డాస్ 1867లో ఒక అనుభవసూత్రాన్ని ప్రకటించాడు. దూరదర్శిని ద్వారం వ్యాసాన్ని అంగుళాలలో తీసుకొని, దానితో 4.56ను భాగిస్తే, ఆ దూరదర్శిని విడదీసి చూపగల రెండు నక్షత్రాల మధ్య కోణం సెకన్లలో వస్తుంది. నాలుగు అంగుళాల దూరదర్శినికి ఇది 1.14 సెకన్లు. 1879లో లార్డ్ రేలీ ఇటువంటి హద్దుకు కాంతి వివర్తనం ఆధారంగా సిద్ధాంతరూపం ఇచ్చాడు. చీకటి ఆకాశంలో రెండు వెలుగుచుక్కలు ఒకటా రెండా అన్నదే ప్రశ్న అయినచోట ఈ కొలమానం చక్కగా పనిచేస్తుంది.

ఇదే ఆలోచనను ఛాయాగ్రహణానికి తెచ్చినప్పుడు చుక్కల స్థానంలో గీతలు వచ్చాయి. నల్లగీతలు, తెల్లజాగాలు సమాన వెడల్పుతో ఉండే పట్టికను ఫొటో తీసి, ఆ ఫిల్మును సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎంత సన్నని వరుస వరకు గీతలు విడిగా కనబడుతున్నాయో చూసేవారు. ఒక నల్లగీత, ఒక తెల్లజాగా కలిస్తే ఒక గీతల జంట. మిల్లీమీటరుకు ఎన్ని జంటలన్నది కటకం పృథక్కరణ సామర్థ్యం. అమెరికా వైమానికదళం 1951లో ప్రమాణీకరించిన పట్టిక వీటిలో బాగా ప్రసిద్ధమైనది. అందులో ఒక్కో సన్నదనానికి నిలువుగా మూడు గీతలు, అడ్డంగా మూడు గీతలు ఉంటాయి. ఒక మెట్టు నుంచి తరువాతి మెట్టుకు సన్నదనం దాదాపు 12 శాతం పెరుగుతుంది. ఆరు మెట్లు దాటేసరికి రెట్టింపవుతుంది.

ఈ పద్ధతిలో సౌలభ్యం స్పష్టమే. ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఫలితం ఒక్క సంఖ్యలో వస్తుంది, రెండు కటకాలను వెంటనే పోల్చవచ్చు. చిక్కు కూడా అక్కడే ఉంది. ‘ఇక కనబడటం లేదు’ అని నిర్ణయించేది మనిషి కన్ను. ఒకరు ఆగినచోట మరొకరు ఇంకొక మెట్టు ముందుకు పోతారు. పట్టికలో నలుపు చిక్కగా ఉంటే ఒక సంఖ్య వస్తుంది, బూడిదరంగైతే మరొకటి వస్తుంది. ఫిల్ము మారితే సంఖ్య మారుతుంది. వీటన్నిటినీ మించిన లోపం ఏమిటంటే, ఆ సంఖ్య కటకం పనిచేయడం మానేసే చోటును చెబుతుందే తప్ప, అంతకు ముందు ఎలా పనిచేసిందో చెప్పదు. నడుస్తూ నడుస్తూ ఒకడు ఎక్కడ కూలబడ్డాడో తెలిసినంత మాత్రాన అతని నడక ఎలాంటిదో తెలియదు కదా!

3. లేని గీతలు కనబడటం:

గీతల లెక్కపై నమ్మకాన్ని సడలించిన మరొక విషయం ఉంది. కొన్ని సందర్భాలలో కటకం నిజంగా చూపని గీతలను కూడా చూపినట్లు భ్రమ కలిగిస్తుంది. దీనిని మిథ్యా పృథక్కరణం అనవచ్చు. ఒక ఉదాహరణతో చూద్దాం.

f/4 ద్వారంతో ఉన్న కటకం ఫోకస్ 0.2 మిల్లీమీటర్లు తప్పిందనుకుందాం. అప్పుడు ఒక్కొక్క బిందువు ఫిల్ముపై బిందువుగా కాక, 0.2ను 4తో భాగించగా వచ్చే 0.05 మిల్లీమీటర్ల వ్యాసం గల వెలుగుబిళ్ళగా పడుతుంది. ఇప్పుడు గీతలను సన్నబరుస్తూ పోతే మిల్లీమీటరుకు 24 జంటల దగ్గర భేదం పూర్తిగా మాయమై, ఒకే బూడిదరంగు మిగులుతుంది. గీతలు లెక్కించేవాడు ఇక్కడ ఆగిపోతే సరే. కాని 30 జంటల వరుసకు వెళితే మళ్ళీ గీతలు కనబడతాయి. అయితే నల్లగీత ఉండవలసిన చోట తెలుపు, తెలుపు ఉండవలసిన చోట నలుపు ఉంటాయి.

కారణం ఇది. 30 జంటల వరుసలో ఒక్కో జంట వెడల్పు 0.033 మిల్లీమీటర్లు. వెలుగుబిళ్ళ అందులో ఒకటిన్నర జంటలను కప్పుతుంది. బిళ్ళ నడుము నల్లగీతపై ఉన్నప్పుడు దాని కిందికి ఒక నల్లగీత, దానికి ఇరువైపులా రెండు తెల్లజాగాలు వస్తాయి. అంటే నలుపు కన్నా తెలుపే ఎక్కువ. అందువల్ల నల్లగీత నడుమ ఉండే చోటు పక్కచోట్ల కన్నా వెలుగుగా తేలుతుంది. బిళ్ళ గుండ్రంగా ఉండి నడుమ భాగానికే బరువు ఎక్కువ కనుక ఈ తారుమారు కొంత తగ్గుతుంది. అయినా అసలు భేదంలో 12 శాతం వరకు తలకిందులై మిగులుతుంది. మూడు గీతల పట్టికలో దీనిని గుర్తుపట్టవచ్చు. మూడు నల్లగీతలకు బదులు వాటి నడిమి జాగాలలో రెండు కనబడతాయి. ఎన్ని ఉన్నాయో ఎంచకుండా, గీతలు ఉన్నాయా లేవా అని మాత్రమే చూసినవాడు ఫోకస్ తప్పిన కటకానికి 30 జంటల సామర్థ్యం ఉందని రాసుకుంటాడు.

చక్రం ఆకుల్లా నడుమకు పోనుపోను సన్నబడే సీమెన్స్ నక్షత్ర పట్టికలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. అంచు నుంచి లోపలికి వస్తుంటే ఒక వలయం దగ్గర గీతలు మాయమై, దాని లోపల రంగులు మారి మళ్ళీ మొదలవుతాయి. ‘కనబడింది’, ‘కనబడలేదు’ అనే రెండు మాటలతో ఈ స్థితిని వర్ణించడం సాధ్యం కాదు. ఎంత భేదంతో కనబడింది, ఏ దిశలో కనబడింది అనేవి చెప్పగల భాష కావాలి.

4. ఆబె నుంచి డుఫియో దాకా:

ఆ భాషకు బీజం సూక్ష్మదర్శిని అధ్యయనంలో పడింది. జర్మనీలోని జేనాలో ఎర్నెస్ట్ ఆబె 1873లో సూక్ష్మదర్శిని బింబాన్ని కొత్తగా వివరించాడు. వస్తువులోని సన్నని గీతలు కాంతిని వివర్తనం చెందించి వేర్వేరు కోణాలలో పంపుతాయి. గీతలు ఎంత సన్ననైతే కోణం అంత పెద్దది. ఆ కోణపు కాంతిని కటకం లోనికి తీసుకోలేకపోతే ఆ సన్నదనం బింబంలోకి రాదు. ఇక్కడ వస్తువును చుక్కల సమూహంగా కాక, వేర్వేరు సన్నదనాలు గల గీతల సమూహంగా చూడటం మొదలైంది.

ఈ చూపును సమగ్రమైన గణితంగా మలచినవాడు ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు పియెర్-మిషెల్ డుఫియో. బెజాన్సాన్‌లో ఆచార్యుడుగా ఉన్న ఆయన, ఫూరియే సమాకలనికి దృశాశాస్త్రంలో ఉన్న అనువర్తనాలపై రాసిన గ్రంథం 1946లో వెలువడింది. ఎటువంటి హెచ్చుతగ్గులనైనా సైన్ తరంగాల మొత్తంగా విడదీయవచ్చునన్నది ఫూరియే సూత్రం. డుఫియో దానిని బింబానికి అన్వయించాడు. ఒక దృశ్యం అంటే మందమైన తరంగాలు, సన్నని తరంగాలు కలిసిన మొత్తం. కటకం ఒక్కొక్క తరంగాన్ని ఒక్కొక్క పాళ్ళలో తగ్గించి అవతలికి పంపుతుంది.

సైన్ తరంగాన్నే ఎందుకు ఎంచుకోవాలి? పదునైన అంచులున్న నల్లగీతల వరుసను కటకం గుండా పంపితే అంచులు మెత్తబడి వరుస ఆకారమే మారిపోతుంది. నునుపుగా వెలుగు నుంచి నీడకు, నీడ నుంచి వెలుగుకు మారే సైన్ వరుసను పంపితే, బింబంలోనూ సైన్ వరుసే వస్తుంది. సన్నదనం మారదు, ఆకారం మారదు. వెలుగునీడల భేదం ఒక్కటే తగ్గుతుంది. కొన్నిసార్లు వరుస కొద్దిగా పక్కకు జరుగుతుంది. కనుక కటకం ఏం చేసిందో చెప్పడానికి ఆ భేదం ఎంత మిగిలిందో చెబితే చాలు.

భేదాన్ని కొలిచే పద్ధతి తేలిక. వరుసలో గరిష్ఠ కాంతి నుంచి కనిష్ఠ కాంతిని తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి.

M = (Imax − Imin) / (Imax + Imin)

వస్తువులో గరిష్ఠం 100, కనిష్ఠం 0 అయితే భేదం 1. బింబంలో గరిష్ఠం 80, కనిష్ఠం 20 అయితే భేదం 60ని 100తో భాగించగా 0.6. అంటే ఆ సన్నదనం వద్ద కటకం 60 శాతం భేదాన్ని దాటించింది. ఈ భేదానికే మాడ్యులేషన్ అని పేరు. ప్రతి సన్నదనానికీ ఇలా కొలిచి గీసిన వక్రరేఖే ఎం.టి.ఎఫ్. భౌతికశాస్త్రం తెలుగు పరిభాషలో పౌనఃపున్యం అనే మాట సాధారణంగా కాలానికి సంబంధించినది. ఇక్కడ సెకనుకు ఎన్ని కంపనాలు అన్నదానికి బదులు మిల్లీమీటరుకు ఎన్ని జంటలు అంటారు కనుక దీనిని ప్రాదేశిక పౌనఃపున్యం అంటే అర్థం చెడదు.

5. టెలివిజన్ తెచ్చిన మలుపు:

మాడ్యులేషన్, పౌనఃపున్యం అనే మాటలు కటకాలవారివి కావు, రేడియో టెలిఫోను ఇంజినీర్లవి. ఈ పరిభాష కటకాలకు అంటుకోవడానికి కారణం టెలివిజన్. ఒక టెలిఫోను తీగ నాణ్యతను ‘ఎంత హెచ్చుస్థాయి శబ్దం వరకు వినిపిస్తుంది’ అనే ఒక్క సంఖ్యతో ఎవరూ చెప్పరు. ఏ స్వరస్థాయిని ఎంత పాళ్ళలో దాటిస్తుందో వక్రరేఖగా గీస్తారు. బొమ్మను వరుసలు వరుసలుగా చదివి విద్యుత్ సంకేతంగా మార్చే టెలివిజన్‌లో బొమ్మ సన్నదనమే సంకేతపు పౌనఃపున్యంగా మారుతుంది. బెల్ సంస్థకు చెందిన పియర్ మెర్ట్జ్, ఫ్రాంక్ గ్రే 1934లో ఈ పరివర్తనను ఫూరియే పద్ధతిలో విశ్లేషించారు.

అమెరికాలోని ఆర్.సి.ఎ. సంస్థలో పనిచేసిన జర్మనీ మూలాలు గల ఇంజినీరు ఓటో షాడే ముందు ఒక ఆచరణాత్మక సమస్య ఉంది. టెలివిజన్ బొమ్మ చివరికి ఎంత స్పష్టంగా వస్తుందన్నది కెమెరా కటకం, కెమెరా గొట్టం, విద్యుత్ వలయాలు, చూసేవారి ఇంటిలోని చిత్రనాళం అనే గొలుసు మొత్తంపై ఆధారపడుతుంది. వలయాలకు ఇంజినీర్ల దగ్గర వక్రరేఖలున్నాయి. కటకానికి మాత్రం ‘ఇన్ని గీతలు’ అనే సంఖ్య ఉంది. ఈ రెండింటినీ కలపడం ఎలా? 1948లో ‘ఆర్.సి.ఎ. రివ్యూ’లో నాలుగు భాగాలుగా వెలువడిన తన వ్యాసంలో షాడే టెలివిజన్ గొలుసు అంతటినీ, కటకంతో సహా, ఒకే రకం కొలతలోకి తెచ్చాడు.

దాని ప్రయోజనం చిన్న లెక్కలో తెలుస్తుంది. ఒక సన్నదనం వద్ద కటకం 60 శాతం, ఫిల్ము 50 శాతం భేదాన్ని దాటిస్తే, రెండూ కలిసి 0.6ను 0.5తో గుణించగా 0.3, అంటే 30 శాతం దాటిస్తాయి. ఆ ఫిల్మును 70 శాతం దాటించే మరో కటకంతో తెరపై వేస్తే మిగిలేది 21 శాతం. గొలుసులో ఏ కొక్కెం బలహీనమో, దేనిని మెరుగుపరిస్తే ఎంత లాభమో ముందుగానే లెక్క వేయవచ్చు. మిల్లీమీటరుకు 80 గీతల కటకాన్ని 60 గీతల ఫిల్ముతో జతచేస్తే ఏం వస్తుందో పాత సంఖ్యలతో ఇంత కచ్చితంగా చెప్పలేము.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ గుణకారం ఒక బింబం ఫిల్ముపైనో తెరపైనో నమోదై, అక్కడి నుంచి మరో పరికరానికి వెళ్ళినప్పుడు వర్తిస్తుంది. ఒకే కటకంలోని ఆరేడు గాజుబిళ్ళలకు విడివిడిగా ఎం.టి.ఎఫ్. కొలిచి గుణించకూడదు. అక్కడ ఒక బిళ్ళ దోషాన్ని మరో బిళ్ళ సరిదిద్దుతుంది. కటక రూపకల్పన అంతా ఆ పరస్పర సవరణ మీదనే నడుస్తుంది.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1951 అక్టోబరులో బింబాల మూల్యాంకనంపై ఒక సదస్సు నిర్వహించింది. షాడే అందులో తన పద్ధతిని వివరించాడు. ఆ సదస్సు పత్రాలు 1954లో అచ్చయ్యాయి. అమెరికా వైమానికదళం మూడు గీతల పట్టికను ప్రమాణీకరించిన సంవత్సరం కూడా 1951యే. పాత పద్ధతి తన ప్రసిద్ధరూపాన్ని పొందినప్పుడే దానికి ప్రత్యామ్నాయం చర్చకు వచ్చిందన్నది గమనార్హం.

6. రెండు కటకాలు - ఒక పోలిక:

కొత్త పద్ధతి తీర్పును ఎలా మారుస్తుందో చూడటానికి రెండు కటకాలను ఊహించుకుందాం. మిల్లీమీటరుకు 10, 20, 40 జంటల వద్ద మొదటి కటకం భేదంలో 90, 75, 40 శాతాలను దాటిస్తుంది. ఆ తరువాత వేగంగా పడిపోయి 70 జంటల దగ్గర దాదాపు ఏమీ మిగలదు. రెండవ కటకం అవే చోట్ల 70, 45, 25 శాతాలు మాత్రమే దాటిస్తుంది. కాని నెమ్మదిగా తగ్గుతూ 100 జంటల దగ్గర కూడా 6 శాతం నిలుపుకొంటుంది. గీతలు లెక్కపెట్టేవాడు సందేహం లేకుండా రెండవదానికి పెద్దపీట వేస్తాడు.

ఇప్పుడు ఈ రెండింటితో 24 × 36 మిల్లీమీటర్ల ఫిల్ముపై బొమ్మ తీసి, ఎనిమిది రెట్లు పెంచి కాగితంపై అచ్చువేద్దాం. ఫిల్ముపై మిల్లీమీటరుకు 40 జంటలు ఉన్నది కాగితంపై 5 జంటలవుతుంది. చదివే దూరంలో, అంటే 25 సెంటీమీటర్ల నుంచి చూసే కంటికి కాగితంపై మిల్లీమీటరుకు 5, 6 జంటల దగ్గర హద్దు వస్తుంది. అంటే ఫిల్ముపై 40, 50 జంటలు దాటినది ఏదైనా ఈ ముద్రణలో కంటికి అందదు. రెండవ కటకం 70 నుంచి 100 జంటల మధ్య చూపిన అధిక సామర్థ్యం ఎవరికీ ఉపయోగపడలేదు. కంటికి అందే 10 నుంచి 40 జంటల మేర అంతటా మొదటి కటకం బొమ్మే తేటగా, అంచులు తేరిపోయి కనబడుతుంది. రెండవదానిలో అన్ని వివరాలూ ఉన్నా, పలుచని మంచుపొర వెనుక నుంచి చూస్తున్నట్లు ఉంటుంది.

అయితే ఎప్పుడూ మొదటి కటకమే మేలని తీర్మానించకూడదు. అదే ఫిల్మును సూక్ష్మదర్శినితో పరిశీలించి అతిసన్నని వివరాలను వెతకడమే పని అయితే రెండవది కావాలి. వక్రరేఖ ‘ఏది మంచిది’ అని చెప్పదు, ‘దేనికి మంచిది’ అని చెబుతుంది. ఆకాశం నుంచి తీసే నిఘాచిత్రాలకు, సినిమా తెరకు ఒకే సంఖ్యతో కటకాలను ఎంచడంలో ఉన్న పొరపాటు దీనివల్ల బయటపడింది.

తరువాతి కాలంలో జైస్ వంటి సంస్థలు తమ కటకాల వివరపత్రాలలో ఈ వక్రరేఖలను అచ్చువేశాయి. అవి సాధారణంగా 10, 20, 40 జంటలు అనే మూడు సన్నదనాలను ఎంచుకొని, బింబం నడుమ నుంచి మూలకు పోతుంటే ఒక్కొక్కటి ఎలా తగ్గుతుందో చూపుతాయి. నడుమ నుంచి మూలకు గీసిన వ్యాసార్ధం దిశలో ఉన్న గీతలకు ఒక రేఖ, దానికి అడ్డంగా ఉన్న గీతలకు మరో రేఖ ఉంటాయి. ఆ రెండు రేఖలు విడిపోయినచోట కటకం గీతలను ఒక దిశలో బాగా, మరో దిశలో మసకగా చూపుతుందని గ్రహించాలి. 10 జంటల రేఖ బొమ్మ మొత్తంలోని తేటదనాన్ని, 40 జంటల రేఖ సన్నని వివరాలను సూచిస్తాయి.

7. కొలత నుంచి ముందస్తు గణనకు:

ఇంతవరకు చెప్పినది తయారైన కటకాన్ని కొలవడం. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పనిచేసిన హెరాల్డ్ హాప్కిన్స్ ఇదే వక్రరేఖను గణించే మార్గాన్ని బలపరిచాడు. ఫోకస్ తప్పిన కటకం వివిధ పౌనఃపున్యాలకు ఎలా స్పందిస్తుందన్న ఆయన పత్రం 1955లో రాయల్ సొసైటీ ప్రచురణలో వచ్చింది. మూడవ విభాగంలో మనం బిళ్ళ సాయంతో స్థూలంగా చూసినదానిని ఆయన కాంతి తరంగస్వభావంతో సహా లెక్కించాడు. గాజు అరగదీయకముందే, కాగితం మీద ఉన్న రూపకల్పన నుంచే వక్రరేఖను తెలుసుకోవడానికి ఇటువంటి కృషి దారితీసింది. కంప్యూటర్ల రాకతో ఆ గణన దినచర్యగా మారింది. ఈ కొలతకు వేర్వేరు పేర్లు వాడుకలో ఉండగా, 1960ల ఆరంభంలో అంతర్జాతీయంగా పరిభాష స్థిరపడింది.

గణన వల్ల తెలిసిన ఒక హద్దును ఇక్కడ చెప్పుకోవాలి. ఏ లోపమూ లేని ఆదర్శ కటకం కూడా వివర్తనం కారణంగా భేదాన్ని పూర్తిగా దాటించలేదు. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ద్వారసంఖ్యతో గుణించి, ఆ లబ్ధంతో 1ని భాగిస్తే భేదం సున్నా అయ్యే చోటు వస్తుంది. ఆకుపచ్చ కాంతికి తరంగదైర్ఘ్యం 0.00055 మిల్లీమీటర్లు. f/8 వద్ద ఈ హద్దు 227 జంటలు, f/16 వద్ద 114. హద్దులు దూరంగానే ఉన్నాయి కదా అనిపించవచ్చు. కాని 40 జంటల దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. అక్కడ ఆదర్శ కటకం f/8 వద్ద దాదాపు 78 శాతం, f/16 వద్ద 56 శాతం దాటిస్తుంది. ద్వారాన్ని బాగా మూసి తీసిన బొమ్మ మొత్తం కొద్దిగా మెత్తబడటానికి కారణం ఇదే. ఆ కారణం హద్దును సూచించే సంఖ్యలో కాక, హద్దుకు చాలా ముందున్న వక్రరేఖ భాగంలో ఉంది.

8. పరిమితులు:

ఎం.టి.ఎఫ్. చెప్పనివి కూడా ఉన్నాయి. నిటారు గీత వంగి కనబడే వక్రీకరణను అది చూపదు. బొమ్మ రంగు గురించి చెప్పదు. సైన్ వరుస పక్కకు జరిగిందా లేదా అన్నది వేరే ప్రమేయంలో ఉంటుంది. ఆ రెండింటినీ కలిపితేనే కటకం స్వభావం పూర్తిగా తెలుస్తుంది. మనం చూసిన తలకిందులైన గీతలు కూడా భేదం పరిమాణాన్ని మాత్రమే చూపే వక్రరేఖలో, సున్నాను తాకి మళ్ళీ లేచిన చిన్న గుట్టగా కనబడతాయి. ఆ గుట్టను సామర్థ్యంగా భావిస్తే పాత పొరపాటే కొత్తరూపంలో తిరిగివస్తుంది.

మరొక షరతు ఉంది. కాంతి రెట్టింపైతే నమోదు కూడా రెట్టింపయ్యే చోటనే ఈ గణితం కచ్చితంగా చెల్లుతుంది. కటకం అలాగే ప్రవర్తిస్తుంది. ఫిల్ము అలా ప్రవర్తించదు. డెవలపర్‌లో ముంచినప్పుడు నల్లని ప్రాంతం, తెల్లని ప్రాంతం కలిసే అంచు దగ్గర రసాయనచర్య ఎక్కువై భేదం పెరగవచ్చు. అందువల్ల కొన్ని ఫిల్ముల వక్రరేఖలు తక్కువ సన్నదనాల దగ్గర 100 శాతాన్ని మించుతాయి. ఇవాళ్టి డిజిటల్ కెమెరాలలో అంచులకు పదును పెట్టే ప్రక్రియ కూడా ఇదే ఫలితాన్నిస్తుంది. 100 శాతం దాటిన రేఖ కనబడితే అది కటకం గొప్పదనం కాదని, మధ్యలో ఏదో ప్రక్రియ జరిగిందని అర్థం చేసుకోవాలి.

9. ముగింపు:

ఇప్పుడు మొదట చెప్పిన పత్రిక పుట దగ్గరకు తిరిగి వద్దాం. మిల్లీమీటరుకు 3.3 జంటల వద్ద ఆ ప్రతి తీసిన కటకం, పరికరం కలిసి 20 శాతం భేదాన్నే దాటించాయనుకుందాం. కొత్త పుటలో కాగితం 60 పాళ్ళ వెలుగును, సిరా 12 పాళ్ళను తిప్పిపంపితే అసలు భేదం 48ని 72తో భాగించగా 0.67. అందులో 20 శాతం అంటే 0.13. అది మసకగానైనా కంటికి అందుతుంది. వయసు మీరిన పుటలో కాగితం ముదిరి 50కి దిగి, సిరా వెలిసి 30కి చేరితే అసలు భేదం 0.25. బింబంలో మిగిలేది 0.05. అది కాగితం గరుకుదనంలో కలిసిపోతుంది. ‘ద’ కింద గీత ఉన్నదో లేదో ఇక చెప్పలేము. రెండు పుటలకూ చుక్కల సంఖ్య 300యే. గీతల లెక్కలో రెండూ ఒక్కటే.

ఈ పరిశీలనను ఇలా క్రోడీకరించవచ్చు. మొదటిది, పృథక్కరణ సామర్థ్యం అబద్ధపు కొలత కాదు. జంటనక్షత్రాల వంటి ప్రశ్నకు పుట్టిన కొలతను వెలుగునీడల బొమ్మకు అన్వయించడంతో అది చాలకపోయింది. రెండవది, దాని స్థానంలో వచ్చిన వక్రరేఖ కటకశాస్త్రంలోనే పూర్తిగా పుట్టినది కాదు. డుఫియో గణితం ఒకవైపు నుంచి, టెలివిజన్ ఇంజినీర్ల సంకేతశాస్త్రం మరొకవైపు నుంచి వచ్చి చేరాయి. మూడవది, ఆ మార్పు వల్ల కటకాన్ని విడిగా కాక, వస్తువు నుంచి చూసే కన్ను దాకా ఉన్న గొలుసులో భాగంగా తూచడం సాధ్యమైంది.

పాత తెలుగు ప్రతులను భద్రపరిచే పనిలో ఉన్నవారికి దీని నుంచి ఒక సూచన దొరుకుతుంది. ఒక సంపుటాన్ని పూర్తిగా ప్రతిచేసే ముందు అందులో అత్యంత వెలిసిపోయిన పుటను, అక్షరాల కింది అతిచిన్న గీతలున్న చోటును ఎంచి తీసి చూడాలి. పక్కన ఒక పరీక్షా పట్టికను ఉంచితే ఎంత భేదం మిగులుతున్నదో కొలవవచ్చు. మూలప్రతి ఇంకా చేతికి అందే స్థితిలో ఉన్నప్పుడే ఆ పరీక్ష జరగాలి. కాగితం పొడి అయిపోయిన తరువాత మిగిలేది బింబమే కనుక, అందులోకి చేరని గీత పాఠపరిష్కర్తకు శాశ్వతంగా దక్కనట్లే.